నల్లరేగడిలో క్లే 14 శాతమేనా? హైడ్రోమీటర్ రీడింగ్ ఎక్కడ తేడా కొడుతోంది

రేగడి_కుర్రాడు
అందరికీ నమస్కారం. ఎం.టెక్ జియోటెక్ చేస్తున్నాను. ప్రాజెక్టు కోసం నంద్యాల వైపు నుంచి నల్లరేగడి మట్టి తెచ్చి పరీక్షలు చేస్తున్నా. లిక్విడ్ లిమిట్ 72, ప్లాస్టిక్ లిమిట్ 30 వచ్చాయి. మట్టి అంతా దాదాపు 75 మైక్రాన్ జల్లెడ దాటిపోయింది, పైన కొద్దిగా సున్నపురాళ్ళు మిగిలాయి అంతే. దాటిన దాంట్లోంచి 50 గ్రాములు తీసుకుని ఐఎస్ 2720 నాలుగో భాగం ప్రకారం హైడ్రోమీటర్ పెట్టాను. స్పెసిఫిక్ గ్రావిటీ 2.70.

8 గంటలకి రీడింగ్ 7. పక్కన పెట్టిన ఉత్త ద్రావణం జాడీలో 2.5. తేడా 4.5. లెక్క కడితే 14.3 శాతం వస్తోంది. ఎండితే బెత్తెడు బీటలిచ్చే మట్టిలో క్లే 14 శాతమేనా? గైడ్ గారు "మళ్ళీ చెయ్యి" అన్నారు తప్ప ఎక్కడ చూడాలో చెప్పలేదు. రిపోర్టు సబ్మిషన్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

సైట్_మేస్త్రీ
తమ్ముడూ, దీనికి ఇంత తతంగం ఎందుకు? మేం సైట్లో అరగంటలో తేల్చేస్తాం. గాజు జాడీలో ఉప్పు నీళ్ళు 50 మి.లీ. దాకా పోసి, 100 వచ్చేదాకా ఇసుక వేసి, మళ్ళీ ఉప్పు నీళ్ళతో 150 చేసి, బాగా కుదిపి పక్కన పెట్టు. మూడు గంటలాగితే ఇసుక మీద సిల్ట్ పొర వేరుగా కనపడుతుంది. స్కేలు పెట్టి చదువుకో. లోడు లోడుకీ ఇదే చేస్తాం.

రేగడి_కుర్రాడు
అన్నా, అది కాంక్రీటు ఇసుకలో మట్టి ఎంతుందో చూసే పరీక్ష కదా. నాది మొత్తం సన్నమట్టే. ఇందులో ఏ సైజు రేణువు ఎంత శాతం ఉందో కావాలి. అయినా అరగంట అని మూడు గంటలంటారేంటి 🙂

సైట్_మేస్త్రీ
అరగంట మన పని, మిగతాది దాని పని.

కొలతల_రాజు
నేను కన్సల్టెన్సీ ల్యాబ్‌లో చేస్తాను. మీరు రెండు చోట్ల చూసుకోవాలి. ఒకటి టెంపరేచర్. హైడ్రోమీటర్ 27 డిగ్రీల దగ్గర క్యాలిబ్రేట్ అయి ఉంటుంది. మీ ల్యాబ్‌లో ఈ ఎండలకి 35 ఉంటే కరెక్షన్ వెయ్యాలి. రెండోది, క్లే కావాలంటే 24 గంటల రీడింగే తీసుకోవాలి. మీరు 8 గంటలకే చదివేశారు. మా దగ్గర ఎప్పుడూ 24 గంటలదే క్లే కింద రాస్తాం. మెనిస్కస్ కూడా చూసుకోండి, మట్టి నీళ్ళలో కింది గీత కనపడదు కాబట్టి పై అంచు చదువుతాం.

అవక్షేపం
రాజు గారు చెప్పిన మెనిస్కస్, టెంపరేచర్ రెండూ నిజమే. కానీ ఈ కేసులో జబ్బు అవి కాదు. ఉత్త ద్రావణం జాడీని పక్కనే పెట్టి, దాన్నీ పై అంచు దగ్గరే చదివితే మెనిస్కస్, ద్రావణం బరువు, టెంపరేచర్‌కి హైడ్రోమీటర్ తేడా, అన్నీ ఆ 2.5లోనే కలిసిపోతాయి. ఒకవేళ ఏదో తప్పినా ఒకటి రెండు గీతలు అటూ ఇటూ అవుతుంది. 14 శాతం 50 అయిపోదు.

24 గంటల సంగతి తర్వాత చెప్తాను, అందులో ఒక మెలిక ఉంది. పైగా ఆలస్యంగా చదివితే రీడింగ్ ఇంకా తగ్గుతుంది కానీ పెరగదు కదా.

ముందు నాకు ఒక్కటి చెప్పు బాబూ. నాలుగైదు గంటల తర్వాత జాడీ చూడ్డానికి ఎలా ఉంది? పై నుంచి కింది దాకా మసగ్గా ఉండి, పైకి పోయే కొద్దీ నెమ్మదిగా పలచబడిందా? లేక పైన తేటనీళ్ళు, కింద మెత్తటి మట్టి, మధ్యలో గీత గీసినట్టు హద్దు కనపడిందా?

రేగడి_కుర్రాడు
మేడమ్, రెండోదే. గంటన్నరకే పైన నాలుగు వేళ్ళ మందం తేటబడింది. హద్దు స్పష్టంగా ఉంది. అడుగున మట్టి దూదిలా ఉబ్బి ఉంది. బాగా సెటిల్ అవుతోందని సంబరపడ్డాను.

అవక్షేపం
అదే నీ సమాధానం. నీ మట్టి విడిపోలేదు, గుంపులు కట్టి దిగిపోయింది. క్లే రేణువులు విడివిడిగా ఉంటే ఒక్కోటి తన సైజుకి తగ్గ వేగంతో దిగాలి. అప్పుడు హద్దు గీత ఏర్పడదు, ఎందుకంటే ఏ రెండు సైజులూ ఒకే వేగంతో దిగవు. గీత కనపడిందంటే అన్నీ చేతులు పట్టుకుని ఒకే వేగంతో దిగుతున్నాయన్నమాట. హైడ్రోమీటర్‌కి అవి క్లేలా కాదు, సిల్ట్‌లా కనపడతాయి.

ఇంకో సాక్ష్యం నీ లెక్కల్లోనే ఉంది. ప్లాస్టిసిటీ ఇండెక్స్ 42. దాన్ని క్లే శాతం 14.3తో భాగిస్తే యాక్టివిటీ 2.9 దాటుతుంది. శుద్ధమైన సోడియం మాంట్మోరిల్లోనైట్‌కి అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు గానీ, మన పొలాల్లో కాల్షియం నిండిన రేగడికి మామూలుగా ఒకటికి అటూ ఇటూ ఉంటుంది. 2.9 కనపడితే మట్టిని కాదు, ముందు టెస్టును అనుమానించాలి.

రేణువుల్ని విడగొట్టడానికి వేసే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ ద్రావణం ఎప్పుడు కలిపారు?

రేగడి_కుర్రాడు
షెల్ఫ్‌లో ఉన్న సీసా వాడాను మేడమ్. తేదీ రాసి లేదు. ల్యాబ్ అసిస్టెంట్‌ని అడిగితే "పోయిన బ్యాచ్ వాళ్ళు కలిపారు" అన్నాడు.

అవక్షేపం
దొరికింది. హెక్సామెటాఫాస్ఫేట్ నీళ్ళలో ఊరికే నిలవుండదు. నెమ్మదిగా విరిగి మామూలు ఆర్థోఫాస్ఫేట్‌గా మారిపోతుంది. చూడ్డానికి తేడా ఉండదు, అలాగే తేటగా ఉంటుంది. అందుకే కోడ్ నెలకోసారి కొత్తగా కలుపుకుని సీసా మీద తేదీ వెయ్యమంటుంది. 33 గ్రాముల హెక్సామెటాఫాస్ఫేట్, 7 గ్రాముల సోడియం కార్బొనేట్, డిస్టిల్డ్ వాటర్‌తో లీటరు చెయ్యి. అందులోంచి 100 మి.లీ. మట్టికి, ఇంకో 100 మి.లీ. ఉత్త జాడీకి. బోరు నీళ్ళు వాడొద్దు, అందులో ఉండే కాల్షియమే మళ్ళీ గుంపులు కట్టిస్తుంది.

మేస్త్రీ గారి పద్ధతి మీద నవ్వారు గానీ, అందులో పాఠం ఉంది. ఇసుక పరీక్షలో ఉప్పు ఎందుకు వేస్తారనుకున్నారు? సన్నమట్టి గుంపులు కట్టి త్వరగా దిగాలనే. అక్కడ పొర మందం మాత్రమే కావాలి కాబట్టి గుంపు కడితేనే మంచిది. ఇక్కడ సరిగ్గా దానికి వ్యతిరేకం కావాలి. నీ జాడీలో తెలియకుండానే మేస్త్రీ గారి టెస్టు జరిగింది.

సైట్_మేస్త్రీ
ఇరవై ఏళ్ళుగా వేస్తున్నా, ఉప్పు ఎందుకో ఇవాళ తెలిసింది. థాంక్స్ మేడమ్.

రేగడి_కుర్రాడు
మేడమ్, కొత్త ద్రావణం రేపు కలుపుతా. ఈలోగా ఒక డౌట్. ఫార్ములా బట్టీ పట్టాను కానీ లోపల జరిగేది అర్థం కాలేదు. హైడ్రోమీటర్ ఒక్క చోట సాంద్రత మాత్రమే చెప్తుంది. దాని నుంచి "ఇంత సైజు కన్నా సన్నవి ఇంత శాతం" అని ఎలా చెప్పగలం? ఆ చోటు నుంచి సన్న రేణువులు కూడా దిగిపోతూనే ఉంటాయి కదా?

అవక్షేపం
చాలామంది ఈ ప్రశ్న అడగకుండానే పాసైపోతారు. కాస్త పొడవుగా చెప్తాను.

జార్జ్ స్టోక్స్ 1851లో తేల్చిన సంగతి ఇది: నెమ్మదిగా దిగే చిన్న గోళం కొద్దిసేపట్లోనే ఒక స్థిరమైన వేగానికి వచ్చేస్తుంది, ఆ వేగం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది.

```
v = g (G − 1) ρw D² / (18 η)
```

27 డిగ్రీల నీళ్ళలో, నీ మట్టి 2.70కి, 10 సెం.మీ. దిగడానికి పట్టే టైము చూడు. 75 మైక్రాన్ల రేణువుకి 16 సెకన్లు. 20 మైక్రాన్లకి నాలుగు నిమిషాల లోపు. 2 మైక్రాన్లకి దాదాపు ఆరున్నర గంటలు. వర్గం ఉండబట్టే ఒకే జాడీలో సెకన్ల నుంచి గంటల దాకా విడగొట్టగలుగుతున్నాం.

ఇప్పుడు నీ డౌట్. ఒక పొడవాటి రోడ్డు ఊహించుకో. రోడ్డు పొడవునా సమానంగా చెదిరి కొందరు నడిచేవాళ్ళు, కొందరు సైకిళ్ళ మీద ఉన్నారు. ఈల వెయ్యగానే అందరూ ఒకే దిక్కుకి కదిలారు. నువ్వు ఒక మైలురాయి దగ్గర నిలబడ్డావు. కాసేపటికి రోడ్డు మొదట్లో ఉన్న ఆఖరి సైకిల్ కూడా నిన్ను దాటిపోతుంది. ఆ తర్వాత నీ ముందు ఒక్క సైకిలూ ఉండదు. నడిచేవాళ్ళు మాత్రం అంతే దట్టంగా ఉంటారు, ఎందుకంటే ఒకడు దాటిపోతుంటే వెనక నుంచి ఇంకొకడు వస్తూనే ఉంటాడు.

జాడీలో కూడా అంతే. నీళ్ళ మట్టం రోడ్డు మొదలు, హైడ్రోమీటర్ బల్బు మధ్యభాగం మైలురాయి. ఆ రెంటి మధ్య దూరాన్ని గడిచిన టైముతో భాగిస్తే ఒక వేగం వస్తుంది, ఆ వేగంతో దిగే సైజే D. అంతకన్నా పెద్దది ఏదీ ఆ లోతులో మిగలదు. అంతకన్నా సన్నవి మాత్రం కలిపిన క్షణంలో ఎంత ఉన్నాయో అంతే ఉంటాయి. అందుకే అక్కడి సాంద్రత నేరుగా "D కన్నా సన్నవి ఎన్ని గ్రాములు" అని చెప్పేస్తుంది. నీ తేడా R ఎంతుంటే దాన్ని G/(G−1)తో, అంటే 1.59తో గుణిస్తే లీటరులో వేలాడుతున్న మట్టి గ్రాముల్లో వస్తుంది. 4.5కి సుమారు 7.15 గ్రాములు. 50లో 14.3 శాతం. నీ లెక్క తప్పు కాదు, మట్టే విడిపోలేదు.

దీనంతటికీ షరతు ఒక్కటే: మొదట్లో అంతా సమానంగా కలిసి ఉండాలి. అందుకే జాడీ మూతి అరచేత్తో మూసి తలకిందులు చేసి కలుపుతాం. గుండ్రంగా గరిట తిప్పినట్టు కలిపితే నీళ్ళు తిరుగుతూనే ఉంటాయి, మొదటి రెండు నిమిషాల రీడింగులు పాడవుతాయి.

కొలతల_రాజు
మేడమ్, మరి 24 గంటల మెలిక ఏంటో చెప్పలేదు. మేం రాసేది తప్పంటారా?

అవక్షేపం
మర్చిపోలేదండి. బల్బు మధ్యభాగం లోతు మట్టి చిక్కదనాన్ని బట్టి మారుతుంది. చిక్కగా ఉంటే హైడ్రోమీటర్ పైకి తేలుతుంది, లోతు తగ్గుతుంది. సుమారు 13 సెం.మీ. అనుకుంటే, 27 డిగ్రీల దగ్గర 8 గంటలకి D దాదాపు 2 మైక్రాన్లు. 24 గంటలకి అది 1.2 మైక్రాన్ల దాకా పోతుంది. క్లే అంటే మన కోడ్‌లో 2 మైక్రాన్ల లోపు. కాబట్టి మీ 24 గంటల అంకె 1.2 కన్నా సన్నవాటిది. మీరు క్లేని తక్కువ రాస్తున్నారు. 24 గంటల రీడింగ్ కావాలి, గ్రాఫ్ అడుగు భాగం గీయడానికి. క్లే శాతం మాత్రం గ్రాఫ్ మీద 2 మైక్రాన్ల దగ్గర చదవాలి, గడియారం మీద కాదు.

కొలతల_రాజు
మా దగ్గర ఫార్మాట్‌లో ఆ గడి అలాగే ఉంది. మా రిపోర్టుల్లో చాలావరకు ఒకటి రెండు శాతం తేడానే వస్తుంది అనుకుంటా, ఎవరూ అడగలేదు.

అవక్షేపం
కొండ ఎర్రమట్టికి అంతే రావచ్చు. రేగడిలో 2కీ 1.2కీ మధ్యే బోలెడు మట్టి ఉంటుంది. రేపు కుర్రాడి రీడింగులు వస్తే చూద్దాం.

చెరువుగట్టు
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది వరంగల్ జిల్లా. మిషన్ కాకతీయలో చెరువు పూడిక తీసి పొలానికి తోలుకున్నాం. ఎంత మట్టి వెయ్యొచ్చో తెలుసుకుందామని శాంపిల్ వ్యవసాయ ల్యాబ్‌కి ఇచ్చాను. వాళ్ళు 40 సెకన్లకి ఒకటి, 2 గంటలకి ఒకటి, రెండే రీడింగులు తీసి బంకమట్టి 46 శాతం అని రాశారు. మీరేమో 8 గంటలంటున్నారు. నా రిపోర్టు నమ్మొచ్చా?

అవక్షేపం
చెరువుగట్టు గారూ, అది బోయకోస్ పద్ధతి. నేల స్వభావం త్వరగా తేల్చడానికి ఆయన 1920ల్లో హైడ్రోమీటర్‌ని మట్టికి వాడటం మొదలుపెట్టాడు. తర్వాత ఆర్థర్ కాసాగ్రాండే దాన్ని ఇంజనీర్ల కోసం మెరుగుపరిచాడు. పైన నేను చెప్పిన లోతుకి రెండు గంటలంటే సుమారు 4 మైక్రాన్లు. అంటే మీ 46లో సన్న సిల్ట్ కూడా కొంత ఉంది. అసలు క్లే అంతకన్నా కాస్త తక్కువ ఉంటుంది. మీ ఇసుక చెల్కలో ఎంత పూడిక కలపాలో చూసుకోవడానికి ఆ తేడా అంత పట్టింపు కాదు. కానీ మీ 46నీ, ఈ అబ్బాయికి వచ్చే అంకెనీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

చెరువుగట్టు
సరే మేడమ్. ఎకరానికి ఎన్ని ట్రాక్టర్లో కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.

అవక్షేపం
అది నా సబ్జెక్టు కాదండి, వ్యవసాయాధికారిని అడగండి.

రేగడి_కుర్రాడు
అప్‌డేట్. కొత్త ద్రావణం, డిస్టిల్డ్ వాటర్, మిక్సర్‌లో 15 నిమిషాలు. ఈసారి హద్దు గీత లేదు! 8 గంటలకి కూడా జాడీ మొత్తం మసగ్గానే ఉంది. రీడింగ్ 17.5, ఉత్త జాడీ 2.5, తేడా 15. 47.6 శాతం. యాక్టివిటీ 0.88.

24 గంటలకి తేడా 12.5, అంటే 39.7 శాతం. రాజు గారి గడిలో రాస్తే ఎనిమిది శాతం పోయేది.

ఇంకో సంగతి. జల్లెడ మీద సున్నపురాళ్ళు ఉన్నాయన్నాను కదా, దాటిన మట్టి మీద యాసిడ్ చుక్క వేస్తే అది కూడా బుసబుసా పొంగింది. అందుకని ఇంకో 50 గ్రాములు పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడిగి, లిట్మస్ మారడం ఆగేదాకా నీళ్ళతో వడపోశాను. ఆరబెడితే 46 గ్రాములు మిగిలింది. దానికి తేడా 17.5. అంటే 27.8 గ్రాములు. 46తో భాగిస్తే 60.4 శాతం, 50తో భాగిస్తే 55.6 శాతం. ఇప్పుడు నాకు మూడు అంకెలున్నాయి. ఏది రాయాలి?

కొలతల_రాజు
ఎనిమిది శాతం దెబ్బ తగిలిందిగా, ఒప్పుకుంటున్నా 😄 ఫార్మాట్ మార్పించే ప్రయత్నం చేస్తాను. కానీ యాసిడ్ విషయంలో నాది గట్టి అభిప్రాయం. రోడ్డు కింద, పునాది కింద ఆ మట్టి సున్నంతో సహానే పని చేస్తుంది. మనం యాసిడ్ పోసి లేని మట్టిని తయారుచేసి దానికి టెస్టు చెయ్యడమేంటి? లిమిట్స్ పరీక్షలకి యాసిడ్ పొయ్యలేదు కదా. 47.6 రాయండి.

అవక్షేపం
రాజు గారి మాటలో బలం ఉంది. యాక్టివిటీకి మాత్రం లిమిట్స్ చేసిన మట్టే ఉండాలి కాబట్టి 47.6 వాడితేనే న్యాయం. కానీ సున్నం జిగురులా పట్టి ఉంచిన రేణువులు కూడా క్లేనే. మొదటిసారి సన్నవి 23.8 గ్రాములు కనపడ్డాయి, యాసిడ్ తర్వాత 27.8. అంటే గుంపుల్లో దాక్కున్న నాలుగు గ్రాములు బయటపడ్డాయి. ఖనిజాల కోసం ఎక్స్‌రే చేయిస్తున్నట్టయితే ఈ రెండో అంకె కావాలి. మన కోడ్ పద్ధతిలో భాగించేది యాసిడ్ తర్వాత మిగిలిన బరువుతోనే, కాబట్టి కోడ్ ప్రకారం అంటే 60.4. ఏది రాసినా సున్నం పోయిన 4 గ్రాములు, ఏ బరువుతో భాగించావో పక్కనే రాయి. అవి లేకుండా ఒక్క అంకె చూపిస్తే నేనే పరీక్షకురాలినైతే నిన్ను వదలను.

కొలతల_రాజు
కోడ్ చెప్పింది గనక 60.4 అంటే, సైట్లో వచ్చే ఉబ్బు 60 శాతం క్లేకి తగ్గట్టు ఉంటుందా మేడమ్? నాకు నమ్మకం లేదు.

అవక్షేపం
ఉబ్బు కోసం హైడ్రోమీటర్‌ని ఎవరూ నమ్మకూడదండి, ఫ్రీ స్వెల్ చేసుకోవాలి. పైగా ఈ క్లే రేణువులు గోళాలు కావు, పలకలు. పలక గోళంలా దిగదు. మనం చెప్పే 2 మైక్రాన్లంటే "2 మైక్రాన్ల గోళంతో సమానంగా దిగేది" అని మాత్రమే. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ కొలత కనపడదు.

రేగడి_కుర్రాడు
రెండు గ్రాఫ్‌లూ ఒకే షీటు మీద గీసి, బరువులతో సహా పెడతాను. మేడమ్, ఆఖరి ప్రశ్న: మా ల్యాబ్‌లో సాయంత్రం ఐదుకి ఏసీ ఆపేస్తారు. మొదలుపెట్టినప్పుడు 27, రాత్రికి 35 అవుతోంది. దీనికేం చెయ్యాలి?

అవక్షేపం
27 నుంచి 35కి పోతే నీళ్ళు పలచబడి దిగే వేగం సుమారు 18 శాతం పెరుగుతుంది. ప్రతి రీడింగ్‌తో పాటు జాడీలో టెంపరేచర్ రాసుకుని, అప్పటిదాకా ఉన్న సగటుకి తగ్గ స్నిగ్ధత వేసి D లెక్కకట్టు. ఉత్త జాడీ రీడింగ్ కూడా అప్పటికప్పుడు తీసుకో, ఉదయం తీసిన 2.5 రాత్రికి పనికిరాదు. అంతకన్నా ఇబ్బంది జాడీ ఒక పక్కనే వేడెక్కడం. అప్పుడు లోపల నీళ్ళు తిరగడం మొదలై, సన్న రేణువులు దిగడం ఆపేస్తాయి. కిటికీ దగ్గర్నుంచి తీసి, పెద్ద బకెట్ నీళ్ళలో రెండు జాడీలూ మెడ దాకా నిలబెట్టు.

సైట్_మేస్త్రీ
బకెట్ కావాలంటే సైట్ నుంచి పంపిస్తా తమ్ముడూ, కాంక్రీటు అంటుకుని ఉంటుంది, కడుక్కో.